నంబర్ కుళ్ళదు కదా

రాయగడలో ఉండే తెలుగు ఇళ్ళల్లో మూడు భాషలు ఒకదాని మీద ఒకటి పడుతూ నడుస్తాయి. ఇంట్లో తెలుగు, బడి ఆవరణలో ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లీషు. మావారి ఉద్యోగం వల్ల మేం పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇప్పుడు ఎనిమిదో తరగతి. పిల్లకి తెలుగు చదవడం సరిగ్గా రావట్లేదని మా వాళ్ళంతా బెంగపడతారు గానీ, నేను ఎక్కువగా గమనించేది దాని క్రియల్ని. ఒక భాష అలవాటు ఇంకో భాషలోకి జారేది అక్కడే.

ఉదాహరణకి ఒడియాలో ప్రాణంలేని వస్తువులు ఎన్ని ఉన్నా క్రియ సాధారణంగా ఏకవచనంలోనే ఉంటుంది. ఒక మామిడిపండు కుళ్ళినా, బుట్టెడు పళ్ళు కుళ్ళినా ‘పచిగలా’ అంటారు. రోజంతా అదే వినే పిల్ల సాయంత్రం ఫోనులో అమ్మమ్మతో "పళ్ళన్నీ కుళ్ళిపోయింది అమ్మమ్మా" అంటుంది. అవతల నుంచి "కుళ్ళిపోయాయి అనాలే" అని మా అమ్మ సరిదిద్దుతుంది. ఇద్దరికీ విసుగు లేదు కాబట్టి నేను మధ్యలో కలగజేసుకోను.

ఇంగ్లీషు దగ్గరే టెన్షన్ వచ్చింది. బడిలో ఇచ్చిన అభ్యాసంలో మూడు ఖాళీలు, ఒక్కోదాంట్లో ‘వాజ్’ గానీ ‘వర్’ గానీ పెట్టాలి. మొదటిది ‘ఎ బాక్స్ ఆఫ్ మ్యాంగోస్ … సెంట్’. రెండోది ‘ఎ నంబర్ ఆఫ్ మ్యాంగోస్ … రాటెన్’. మూడోది ‘ద నంబర్ ఆఫ్ రాటెన్ మ్యాంగోస్ … స్మాల్’. మా అమ్మాయి మూడింటికీ ‘వాజ్’ పెట్టింది. రెండోదానికి ఎర్ర సిరాతో అడ్డగీత పడింది, పక్కన కారణం మాత్రం రాయలేదు. అంతకు ముందు వారం అదే క్లాసులో చెప్పిన చిట్కా ఏమిటంటే, ‘ఆఫ్’ నుంచి కర్త చివరిదాకా కొట్టేసి, మిగిలిన నామవాచకాన్ని బట్టి క్రియ పెట్టమని. పిల్ల నోట్సులో పెన్సిల్ గీతలు చూశాను. మూడింట్లోనూ చక్కగా కొట్టేసింది.

"అమ్మా, కొట్టేస్తే ‘ఎ నంబర్’ మిగిలింది. అది ఒకటే కదా, ‘వాజ్’ తప్పెలా అవుతుంది?" అని నిలదీసింది.

"ఏవి కుళ్ళాయే?"

"పళ్ళు."

"మరి నంబర్ కుళ్ళిందా?"

నవ్వేసింది. అసలు కీలకం అక్కడే ఉంది. మొదటి వాక్యంలో పంపింది పెట్టెని. పెట్టెని చేత్తో ఎత్తొచ్చు, బస్సులో వెయ్యొచ్చు. లోపల పళ్ళు ఉన్నా కర్త పెట్టే, అందుకని ‘వాజ్’. మూడో వాక్యంలో చిన్నగా ఉంది సంఖ్య. కుళ్ళిన పళ్ళు చిన్నవని ఎవరూ అనడం లేదు, లెక్క తక్కువ అంటున్నారు. కాబట్టి ఏకవచనమే. రెండో వాక్యంలో మాత్రం ‘ఎ నంబర్ ఆఫ్’ అనే ముక్క నామవాచకంలా కనిపిస్తుంది గానీ, ఆ పని చెయ్యడం లేదు. మన ‘చాలా’, ‘కొన్ని’ లాంటి మాటలు చేసే పనే చేస్తోంది. కుళ్ళినవి పళ్ళు. అందుకే ‘వర్’.

దీన్ని పట్టుకోవడానికి పిల్లకి ఒక పరీక్ష చూపించాను. ‘ఆఫ్’ తర్వాత భాగాన్ని కాకుండా, ‘ఆఫ్’ దాకా ఉన్న ముందు భాగాన్ని తీసేసి చూడమన్నాను. ‘మ్యాంగోస్ వర్ రాటెన్’ అని మిగులుతుంది. లెక్క పోయింది గానీ చెప్పే సంగతి మారలేదు. అదే పని మూడోదానికి చేస్తే ‘రాటెన్ మ్యాంగోస్ వర్ స్మాల్’ అవుతుంది. కుళ్ళిన పళ్ళు సైజులో చిన్నవి అని అర్థం! సంగతి తిరగబడింది కాబట్టి అక్కడ ‘నంబర్’ నిజమైన కర్త, దాన్ని కొట్టెయ్యడానికి వీల్లేదు. ‘ఎ’ ఉంటే బహువచనం, ‘ద’ ఉంటే ఏకవచనం అని కంఠస్థం చేయించినా పరీక్షలో మార్కు వస్తుంది. కానీ ‘ఎ లాట్ ఆఫ్’ దగ్గరికి వచ్చేసరికి ఆ కంఠస్థం పనికిరాదు. ‘ఎ లాట్ ఆఫ్ మ్యాంగోస్ వర్’ అంటారు, ‘ఎ లాట్ ఆఫ్ మిల్క్ వాజ్’ అంటారు. అక్కడ క్రియ పూర్తిగా వెనకున్న మాట చెప్పినట్టు వింటుంది. ‘ఎ నంబర్ ఆఫ్’ తర్వాత ఎప్పుడూ లెక్కపెట్టగలిగే వస్తువులే, అవీ బహువచనంలోనే వస్తాయి కాబట్టి క్రియ కూడా బహువచనంలో ఉండిపోయింది.

అలాగని బడిలో చెప్పిన చిట్కా ఉత్తదేమీ కాదు. అది అడ్డుకునే పొరపాటు నిజంగా ఉంది. మా అమ్మాయే సంత గురించి రాసిన వ్యాసంలో ‘ద నంబర్ ఆఫ్ పీపుల్ కమింగ్ టు ద మార్కెట్ హ్యావ్ ఇంక్రీజ్డ్’ అని రాసింది. కర్తకీ క్రియకీ మధ్య ‘పీపుల్’ వచ్చి కూర్చుని క్రియని తన వైపు లాగేసింది. ఇది మన పిల్లలకే వచ్చే జబ్బు అనుకోనక్కర్లేదు. 1991లో కాథరిన్ బాక్, కెరొల్ మిల్లర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ మీదే దీన్ని పరీక్షించారు. వాక్యం మొదటి ముక్క ఇచ్చి మిగతాది పూర్తి చెయ్యమన్నారు. ఏకవచన కర్త పక్కన బహువచన మాట ఉన్నప్పుడు వాళ్ళ నోట కూడా తప్పు క్రియ వచ్చింది. కర్త బహువచనమై, పక్కమాట ఏకవచనమైతే అంతగా తప్పులు రాలేదు. అందుకే ‘ద నంబర్ ఆఫ్ …’ తర్వాత బహువచన క్రియ అంత సులువుగా జారిపడుతుంది. దాని వ్యాసం మళ్ళీ చదివేటప్పుడు వాక్యాలన్నీ వెతకనక్కర్లేదు, ‘ద నంబర్ ఆఫ్’ ఉన్న చోటే ఆగి క్రియ చూసుకోమని చెప్పాను. వాక్యం భూతకాలంలో ఉంటే చాలాసార్లు ఆ గొడవే ఉండదు. ‘ఇంక్రీజ్డ్’ అని ఊరుకుంటే ఏ కర్తకైనా సరిపోతుంది. ‘వాజ్, వర్’ వచ్చినప్పుడే గుట్టు బయటపడుతుంది. మన ‘రాలేదు’ కూడా అలాంటిదే కదా. జట్టు రాలేదు, వాళ్ళు రాలేదు, నువ్వు రాలేదు, అన్నిటికీ ఒకటే రూపం.

ఇంతవరకూ తప్పూ ఒప్పూ తేలే సంగతులు. తేలనిది టీవీ ముందు వచ్చింది. క్రికెట్ కామెంటరీలో ‘ఇండియా హ్యావ్ వన్ ద టాస్’ అన్నారు. మర్నాడు పేపర్లో విదేశాంగ వార్త ‘ఇండియా హ్యాజ్ సైన్డ్’ అని ఉంది. ఈ రెండిట్లో ఎవరిది తప్పో చెప్పమని మా అమ్మాయి పట్టుబట్టింది. ఎవరిదీ కాదు. మైదానంలో ఇండియా అంటే పదకొండుమంది మనుషులు, సంతకం చేసేటప్పుడు ఇండియా అంటే ఒక దేశం. బ్రిటిష్ ఇంగ్లీషు ఈ రెండు చూపుల్నీ ఉంచుకుంది. బృందాన్ని ఒక్కటిగా చూస్తే ‘ద టీమ్ ఈజ్’, అందులోని మనుషుల్ని చూస్తే ‘ద టీమ్ ఆర్’. బ్రిటన్ పార్లమెంటులో మంత్రులు ‘ద గవర్నమెంట్ ఆర్’ అనడం మామూలే. అమెరికా వాళ్ళు మాత్రం ఇలాంటి మాటలకి దాదాపు ఎప్పుడూ ఏకవచనమే వాడతారు. అయితే వాళ్ళ దేశం పేరే ఒకప్పుడు బహువచనం. బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి పదమూడో సవరణలో యునైటెడ్ స్టేట్స్ గురించి చెబుతూ ‘దెయిర్ జ్యూరిస్డిక్షన్’ అని రాశారు, ‘ఇట్స్’ అని రాయలేదు. ఇప్పుడు ఏ అమెరికన్ పిల్లవాడూ అలా రాయడు. మన దగ్గర పాఠాలు బ్రిటిష్ పద్ధతివి, పిల్లలు చూసే వీడియోల్లో చాలావరకు అమెరికావి. వాడుక కలగాపులగం కావడంలో ఆశ్చర్యం లేదు.

తెలుగులో ఇది లేదా అంటే, ఎందుకు లేదు! ‘కమిటీ నిర్ణయించింది’ అంటాం, ‘జనం వచ్చారు’ అంటాం. రెండూ గుంపులే. ‘ఊరంతా కదిలింది’ అనీ అంటాం, ‘ఊరంతా వచ్చారు’ అనీ అంటాం, మా అమ్మ అయితే ఒకే ఊపిరిలో రెండూ అంటుంది. ఇది చెప్పాక మా అమ్మాయికి ‘టీమ్ ఆర్’ వింతగా అనిపించడం మానేసింది. ఇంట్లో అమ్మమ్మ చేసే పనే ఇంగ్లీషువాళ్ళూ చేస్తున్నారు. నన్నడిగితే, మన ఊళ్ళకి దూరంగా పెరిగే పిల్లలకి తెలుగు ఇలా ఇంగ్లీషు హోంవర్కు పక్కన కూర్చుని నేర్పడమే తేలిక. విడిగా ‘తెలుగు క్లాసు’ అంటే పారిపోతారు.

అర్థమే ఎప్పుడూ గెలుస్తుందని కూడా చెప్పలేం. ‘మోర్ దేన్ వన్ బాయ్ వాజ్ ఆబ్సెంట్’ అనాలి. ఒకడి కంటే ఎక్కువమంది రాలేదు, అయినా క్రియ ఏకవచనం, పక్కనే ‘వన్ బాయ్’ ఉంది కాబట్టి. ఇటు ‘పోలీస్’ చూడ్డానికి ఒంటరి మాట, కానీ ‘ద పోలీస్ ఆర్ కమింగ్’ అనే అనాలి, ‘ఈజ్’ పనికిరాదు. వీటికి పరీక్షలేవీ లేవు, విడిగా గుర్తుపెట్టుకోవలసిందే. ‘ఎ గ్రూప్ ఆఫ్ స్టూడెంట్స్’ దగ్గర చదువుకున్నవాళ్ళే రెండు రకాలుగా రాస్తారు. గుంపుగా ఒకచోట నిలబడి ఉంటే ‘వాజ్’, ఎవరి పని వాళ్ళు చేస్తుంటే ‘వర్’ అని నేను చెప్పాను, ఆన్సర్ కీలో ఏది ఉంటుందో ఆ దేవుడికే తెలియాలి.

మార్కులు పోకుండా ఉండడానికి మేమిద్దరం పెట్టుకున్న పద్ధతి ఇదీ. ‘టీమ్’, ‘ఫ్యామిలీ’, ‘కమిటీ’ లాంటి వాటికి ఏకవచనం. ఒకసారి ‘హ్యాజ్’ అన్నాక అదే వాక్యంలో ‘దెయిర్’ అనకూడదు, ‘ఇట్స్’ అనాలి. ‘హ్యాజ్’తో మొదలుపెట్టి ‘దెయిర్’లోకి జారడం దాని నోట్సులో నాకు ఎక్కువగా కనిపించింది. ఇక వాక్యంలో ఆ మనుషులు పోట్లాడుకుంటున్నా, తలో దారి పడుతున్నా ‘ద మెంబర్స్ ఆఫ్ ద టీమ్ ఆర్’ అని రాసేయడమే. మనం మాత్రం తెలుగులో ‘జట్టు కొట్టుకుంది’ అంటామా? ‘జట్టులో వాళ్ళు కొట్టుకున్నారు’ అనే కదా అంటాం.