వసూళ్ల గుమాస్తా కాజేసిన 5,40,000: లెక్కల్లో నేను చేసిన తప్పు

మొన్ననే ఆడిట్ ముగిసింది. ఇంకా తల వేడి తగ్గలేదు.

మా వసూళ్ల గుమాస్తా డబ్బు కాజేస్తున్నాడని సంవత్సరం ముగియడానికి రెండు నెలల ముందు తెలిసింది. ఏ రోజు లెక్కపెట్టినా చేతిలో నగదు క్యాష్ బుక్‌తో సరిపోయేది. ఎందుకంటే ఒక కస్టమర్ కట్టింది తన జేబులో వేసుకుని, తర్వాత వచ్చిన ఇంకొకరి డబ్బును మొదటివారి ఖాతాలో జమ చేసేవాడు. ఆడిటర్ కస్టమర్లకు నేరుగా బాకీ ధ్రువీకరణ ఉత్తరాలు పంపితే, ఒకాయన 3వ తేదీ రశీదు కాపీ పంపాడు. మా పుస్తకంలో ఆ జమ 19న ఉంది. అక్కడ దొరికింది. రెండు రాత్రులు కూర్చుని 14 ఖాతాలు రశీదులతో సరిచూసింది నేనే, ఆ పని గర్వంగానే చెప్పుకుంటాను. మొత్తం 5,40,000. అంతా ఈ సంవత్సరంలోదే కాబట్టి పాత లెక్కలు తిరగదోడే పని తప్పింది.

నాకు తలవంపు తెచ్చింది ఆ తర్వాతి ఎంట్రీ. ఆరు నెలల్లో మొత్తం కట్టేస్తానని అతను రాసిచ్చాడు. ఆ కాగితాన్ని నమ్మి 'ఉద్యోగి నుంచి రావలసినది' అని 5,40,000 డెబిట్ చేసి, కస్టమర్ల ఖాతాలకు క్రెడిట్ ఇచ్చాను. లాభం చెక్కుచెదరలేదని మేనేజర్ సంతోషించాడు. ఆడిటర్ అందరి ముందూ అడిగాడు: "ఆస్తి లేదు, ఇప్పుడు ఉద్యోగమూ లేదు. ఇతను ఎక్కడి నుంచి కడతాడండీ?" నా దగ్గర జవాబు లేదు.

కస్టమర్లు తమ వంతు కట్టేశారు, కాబట్టి దీన్ని మొండి బాకీ అనకూడదు. మొదటి ఎంట్రీ రద్దు చేసి, 'ఉద్యోగి అపహరణ వల్ల నష్టం' అని విడిగా 5,40,000 డెబిట్ చేసి, ఆ 14 ఖాతాలకు క్రెడిట్ ఇచ్చాను. అతను నిజంగా కట్టిన 60,000, నియామక ఒప్పందం ప్రకారం మేం పట్టుకోగలిగిన 50,000 డిపాజిట్ ఆ నష్టంలోంచి తీశాం. మిగిలిన 4,30,000 ఈ ఏడాది లాభంలోంచే పోయింది.

ఉద్యోగుల మోసానికి 3,00,000 వరకూ బీమా ఉంది. దాన్నీ రావలసినదిగా చూపబోతే ఆడిటర్ ఆపాడు. బీమా సంస్థ ఒప్పుకుని, రావడం దాదాపు ఖాయమైతేనే ఆస్తి. వచ్చే అవకాశమే ఎక్కువైతే నోట్స్‌లో ఒక వాక్యం, అంతే. క్లెయిమ్ పెట్టాం గానీ, పరువు పోతుందని మేనేజర్ మూడు వారాలు విషయం దాచాడు. తెలిసిన వెంటనే తెలపాలన్నది పాలసీ షరతు. ఆ మూడు వారాల గురించి బీమావాళ్లు వివరణ అడిగారు. మీ దగ్గర ఇలా జరిగితే మేనేజర్ మాట వినకండి, అదే రోజు రాతపూర్వకంగా తెలపండి.

వివరణ నిన్ననే పంపాను. వాళ్ల జవాబు వచ్చేదాకా నోట్స్‌లో ఆ వాక్యం అలాగే ఉంటుంది.