గోడ మీద చీమలు

దద్దుర్లు తగ్గి రెండు నెలలైంది. ఇప్పటికి గానీ ఆ రాత్రి గురించి రాయాలనిపించలేదు.

మాది తెనాలి. నాకు 68 ఏళ్లు. ప్రొస్టేట్ వాపు ఉంది, రాత్రి రెండు మూడుసార్లు లేవడం అలవాటైపోయింది. వేసవి చివర్లో ఒంటినిండా దద్దుర్లు లేచాయి. దగ్గర్లోని డాక్టరు గారు రాత్రిపూట వేసుకోమని హైడ్రాక్సిజిన్ 25 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. ప్రొస్టేట్ సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. దురదకీ దానికీ ఏం సంబంధం అనుకున్నాను.

మూడు రాత్రులు ఒళ్లు తెలియకుండా పడుకున్నాను. పగలు కూడా తల బరువు, నోరు పిడచకట్టుకుపోవడం, పేపర్లో అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించడం. నాలుగో రోజు జలుబు పట్టింది. జలుబు మాత్ర కొంటూ మందుల షాపు అబ్బాయిని నిద్ర వస్తుందా అని అడిగితే, "వస్తే మంచిదేగా బాబాయ్ గారూ" అన్నాడు. మధ్యాహ్నం ఒకటి, పడుకునేముందు ఒకటి వేసుకున్నాను. పైన దురద మాత్ర ఎలాగూ ఉంది.

రాత్రి రెండింటికి పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోయి మెలకువ వచ్చింది. బాత్రూంలో ఎంతసేపు నిలబడ్డా చుక్క రాలేదు. తిరిగొచ్చి మంచం మీద కూర్చుంటే గోడ మీద చీమలబారు కదులుతోంది. మా ఆవిడ లైటు వేసి చూపించింది, ఏమీ లేవు. నాకు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి. ఆవిడను "అక్కా" అని పిలిచానట. మా అక్క పోయి పదకొండేళ్లు.

ఆస్పత్రిలో గొట్టం వేస్తే 900 మిల్లీలీటర్లు వచ్చింది. ఆ హాయి చెప్పలేను. గొట్టం వేసిన సిస్టర్‌కి దణ్ణం పెట్టాను. అదే గదిలో డ్యూటీ డాక్టరు మా అబ్బాయితో, "ఈ వయసులో మతిమరుపు ఇలాగే మొదలవుతుంది, మీరు అలవాటు పడాలి" అన్నాడు. నాకు మతి పోయింది గానీ చెవులు పోలేదు. ఆ మాట ఇంకా మింగుడుపడలేదు.

తెల్లారాక పెద్ద డాక్టరమ్మ వచ్చి ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెప్పించారు. జలుబు మాత్ర అట్ట వెనక చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించారు: క్లోర్‌ఫెనిరమైన్. అది కూడా దురద మాత్ర జాతిదే. అంటే ఆ రోజు నేను ఒకే రకం మందు మూడుసార్లు మింగాను. హైడ్రాక్సిజిన్ పెద్దవాళ్ల ఒంట్లోంచి ఒక్క రోజులో పోదు, ముందు రాత్రులది కొంత మిగిలే ఉంటుంది.

ఆవిడ చెప్పినది నాకు అర్థమైనంత వరకు ఇది. చర్మంలో హిస్టమిన్ అనే రసాయనం వెళ్లి కణాల మీద తాళాల్లాంటి హెచ్1 రిసెప్టర్లను పట్టుకుంటే దద్దురు, దురద. మెదడులో అదే హిస్టమిన్ మనల్ని మెలకువగా ఉంచుతుంది. పాతతరం దురద మందులు మెదడులోకి సులువుగా దూరి అక్కడా దాన్ని అడ్డుకుంటాయి, అందుకే మత్తు. అంతటితో ఆగవు. ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనం పనిచేసే రిసెప్టర్లను కూడా మూసేస్తాయి. లాలాజలం ఊరడానికి, కంటిచూపు దగ్గరికి కుదరడానికి, మూత్రాశయం పిండుకోవడానికి, మెదడులో జ్ఞాపకానికి కావలసింది అదే. నా నోరు, నా పేపరు, నా చీమలు, నా అక్క అన్నీ ఆ ఒక్క దారిలోనే వచ్చాయి. ప్రొస్టేట్ వల్ల దారి ముందే ఇరుకు, ఇక పిండే బలం కూడా పోతే ఏముంది!

కొత్తతరం మందులను మెదడు గుమ్మం దగ్గరే చాలావరకు బయటికి నెట్టేస్తుందట. ఎసిటైల్‌కోలిన్ జోలికీ దాదాపు పోవు. హైడ్రాక్సిజిన్‌ను మన ఒళ్లు సెటిరిజిన్ అనే కొత్తతరం మందుగా మారుస్తుందని చెప్పి ఆవిడే నవ్వారు. దాన్నే నేరుగా ఇచ్చి ఉంటే చాలావరకు సరిపోయేదట, అయితే కొందరికి సెటిరిజిన్ కూడా మత్తిస్తుంది, కిడ్నీలు నెమ్మదించినవాళ్లకు మోతాదు తగ్గించాలి. నాకు ఫెక్సోఫెనడిన్ 180 రాశారు, రోజుకొకటి, నీళ్లతోనే. మా కోడలు ప్రేమగా యాపిల్ జ్యూస్‌తో ఇస్తోందని తెలిసి వద్దన్నారు. పళ్లరసంతో ఆ మందు ఒంటికి సరిగా పట్టదు.

పాత మాత్రలు ఆపిన రెండో రోజుకే చీమలు పోయాయి. ప్రొస్టేట్ మాత్ర మొదలుపెట్టి, నాలుగు రోజులకు గొట్టం తీశారు. దద్దుర్లు మాత్రం ఇంకో మూడు వారాలు వేధించి వాటంతటవే వెళ్లాయి.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే జలుబు మాత్ర అట్ట తిప్పి చదవండి. అంత చిన్న అక్షరాలు వేసినవాళ్ల మీద నా కోపం అలాగే ఉంది.

మా ఆవిడ మంగళగిరి పానకాలస్వామికి మొక్కుకుందట. పోయిన శనివారం తీసుకెళ్లింది. పానకం తాగాను. దారి పొడుగునా "అక్క దగ్గర జాగ్రత్తగా కూర్చో" అని ఏడిపిస్తూనే ఉంది.