షుగర్‌కి 18, కొలెస్ట్రాల్‌కి 18 కాదు: బొమ్మల అనువాదంలో నా అనుభవం

నిన్న రాత్రి ఫైనల్ ఫైల్ పంపేశాను. ఇంగ్లండ్‌లో పిల్లల దగ్గర ఉంటున్న మన పెద్దవాళ్ల కోసం షుగర్, కొలెస్ట్రాల్ గురించి తయారుచేసిన పన్నెండు బొమ్మల కరపత్రం అది. బొమ్మల మీది ఇంగ్లిష్ తీసేసి తెలుగు పెట్టాలి. మాటల పని నాలుగు రోజుల్లో అయిపోయింది. అంకెలు మాత్రం మూడు వారాలు తినేశాయి.

తేదీలతో పెద్ద ఇబ్బంది రాలేదు. ఇంగ్లండ్‌లోనూ మనలాగే రోజు ముందు, నెల తర్వాత. ఒక్క అపాయింట్‌మెంట్ కార్డు బొమ్మ మాత్రం అమెరికాది కలిసిపోయింది. దాని మీద 04/05/2025 అని ఉంది. కింద వరుసలో 04/22/2025 కనబడింది కాబట్టి బతికిపోయాను, ఇరవై రెండో నెల ఉండదు కదా. "2025 ఏప్రిల్ 5" అని నెల పేరు అక్షరాల్లో రాశాను. మందుల చీటీలో ఒక్కో మందుకు £9.90 అన్నచోట రూపాయల్లోకి మార్చమని ఏజెన్సీ వాళ్లు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. కౌంటర్ దగ్గర కట్టేది పౌండ్లే, పైగా రూపాయల లెక్క వచ్చే నెలకే మారిపోతుంది.

షుగర్ కూడా తేలికే అనుకున్నాను. మన దగ్గర మీటర్ mg/dL లో చూపిస్తుంది, అక్కడిది mmol/L లో. 18తో గుణిస్తే సరిపోతుంది. బొమ్మలో షుగర్ హద్దుగా ఉన్న 11.1ని గుణిస్తే 199.8 వస్తుంది, కానీ డాక్టర్లు పెట్టుకున్న హద్దు 200, అందుకే 200 అనే రాశాను. మీటర్ ఫోటోలో తెర మీద 7.8 అని ఉంటే దాన్ని ముట్టుకోలేదు. అక్కడి మీటర్‌లో వాళ్లకు కనబడేది అదే కాబట్టి, పక్కన "మన లెక్కలో 140" అని చేర్చాను.

ఆ ఊపులోనే కొలెస్ట్రాల్ బొమ్మ కూడా చేసేశాను. "5 లోపు ఉండాలి" అని ఉంది. 18తో గుణించి 90 అని రాశాను. కింద ట్రైగ్లిజరైడ్స్ 1.7 లోపు అంటే 31 అని రాశాను. ఏజెన్సీ వాళ్ల మీటింగ్‌లో పదకొండు మంది చూస్తుండగా, గుంటూరులో చాలా ఏళ్లు ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన బొమ్మ ఆపించారు. "అమ్మా, కొలెస్ట్రాల్ 90 దాటకూడదని నీకెవరు చెప్పారు? 170 ఉన్న మనిషి, ఏ జబ్బూ లేనివాడు, ఇది చూసి గుండె పట్టుకుని కూర్చుంటాడు" అన్నారు. నాకు నోట మాట రాలేదు. కోఆర్డినేటర్ "చెక్ చేయకుండా పంపారా మేడమ్?" అని అందరి ముందూ రెండుసార్లు అడిగింది. ఏ బొమ్మ ఏ దేశానిదో ఒక్క ముక్క రాసి పంపని మనిషి ఆవిడ. ఆ మాట ఇప్పటికీ మండుతోంది.

తప్పు మాత్రం నాదే. ఆ రాత్రి పెద్దాయనే ఫోన్ చేసి విడమరిచి చెప్పారు. mmol అంటే అణువులను లెక్కపెట్టడం, mg అంటే తూకం వేయడం. ఒక్కో పదార్థం అణువు ఒక్కో బరువు ఉంటుంది. గ్లూకోజ్ బరువు 180 కాబట్టి 18తో గుణిస్తాం. కొలెస్ట్రాల్ అణువు దానికి రెట్టింపు కంటే ఎక్కువ బరువు, 387 దాకా ఉంటుంది, అందుకే 38.67తో గుణించాలి. అంటే 5కి 193. ట్రైగ్లిజరైడ్స్‌కి 88.57, అంటే 1.7కి సుమారు 150. మా నాన్నగారి రిపోర్టు బీరువాలోనే ఉంది. అందులో కొలెస్ట్రాల్ 178, పక్కనే "200 లోపు" అని అచ్చు వేసి ఉంది. పంపే ముందు ఆ కాగితం పక్కన పెట్టుకుని చూసి ఉంటే 90 తప్పని నాకే తెలిసేది. ఏ అంకె మార్చినా, మనవాళ్ల రిపోర్టు ఒకటి తీసి పోల్చండి. అది చెప్పినంత స్పష్టంగా ఇంకేదీ చెప్పదు.

మరి 193 బదులు 200 అని రాసేయొచ్చు కదా అని డిజైన్ చేసే అబ్బాయి అడిగాడు. వద్దన్నాను. షుగర్‌లో 11.1, 200 రెండూ ఒకే హద్దుకి రెండు రూపాలు. ఇక్కడ మాత్రం 5 అనేది ఇంగ్లండ్ వాళ్లు పెట్టుకున్న హద్దు, 200 మన రిపోర్టుల్లో ఉండే హద్దు. వాళ్ల డాక్టర్ చెప్పిన మాటను నేను సడలించకూడదు.

చివరి బొమ్మ దగ్గర మళ్లీ టెన్షన్. గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే HbA1c పరీక్షను అక్కడ mmol/mol లో ఇస్తారు, మనకు శాతం. దాని సూత్రం ఇది:

```
% = 0.0915 × mmol/mol + 2.15
```

48 అంటే 6.5 శాతం, బాగానే వచ్చింది. కింద "11 తగ్గితే మంచిది" అని ఉంది. అదే సూత్రంలో 11 వేస్తే 3.2 వచ్చింది. ఈసారి పంపకుండా ఆగాను. 59 నుంచి 48కి తగ్గిన మనిషిని తీసుకుని రెండు అంకెలనూ విడివిడిగా మార్చాను: 7.5, 6.5. తగ్గింది ఒక్క శాతమే. తేడా లెక్కలో ఆ 2.15 కొట్టుకుపోతుంది. పెద్దాయనకు ఫోన్ చేసి చదివి వినిపించాను. "ఒకటే అమ్మా, పంపించెయ్" అన్నారు. అప్పుడు పంపాను.