పెదవి మీద అదే చోట

నాకు పెదవి పుండు ఎప్పుడు వచ్చినా పై పెదవికి కుడి అంచునే వచ్చేది. ముందు చిమచిమ. అద్దంలో చూస్తే ఏమీ కనబడదు, వేలు ఆనిస్తే మాత్రం చర్మం లోపల సన్నటి మంట. మర్నాటికి అక్కడ ఎర్రగా ఉబ్బి, చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచేవి. అవి పగిలి రసి కారి పెచ్చు కట్టేవి. నవ్వితే ఆ పెచ్చు చిట్లి నెత్తురు వచ్చేది. పూర్తిగా మానడానికి వారం, పది రోజులు పట్టేది. జ్వరం తగిలినా, ఎండలో ఎక్కువసేపు తిరిగినా, నిద్ర చాలకపోయినా మళ్ళీ మొదలు.

ఎవరి దగ్గర్నుంచి అంటుకుందోనని చాలాకాలం మథనపడ్డాను. చర్మవ్యాధుల డాక్టరు గారు ఆ దిగులు తీర్చారు. "ఇది ప్రతిసారీ బయటినుంచి వచ్చేది కాదండీ. ఎప్పుడో, బహుశా చిన్నప్పుడే, వచ్చి మీలోనే ఉండిపోయింది" అన్నారు. దీని పేరు హెర్పిస్ సింప్లెక్స్ వైరస్, పెదవి మీద ఎక్కువగా వచ్చేది టైప్ 1. మొదటిసారి వచ్చినప్పుడు చాలామందికి తెలియను కూడా తెలియదట.

అదే చోట ఎందుకు వస్తుందన్నదే నన్ను బాగా పట్టుకున్న ప్రశ్న. మొదటిసారి నోటి దగ్గర చర్మంలో పెరిగిన వైరస్, అక్కడికి వచ్చే స్పర్శ నాడుల కొసల్లోకి దూరుతుంది. నాడి పోగు వెంట వెనక్కి ప్రయాణించి, పుర్రె అడుగున, చెవికి కొంచెం ముందుగా ఉండే ట్రైజెమినల్ గ్యాంగ్లియాన్ అనే నాడీకణాల ముడిలోకి చేరుతుంది. అక్కడ తన డీఎన్ఏని కణ కేంద్రకంలో వలయంలా చుట్టుకుని ఉండిపోతుంది. కొత్త వైరస్‌లను తయారు చేయదు, ప్రోటీన్లు దాదాపుగా చేయదు. అందుకే రోగనిరోధక వ్యవస్థ దాన్ని తుడిచిపెట్టలేదు. ఆ నాడీకణాలు మనం బతికినన్నాళ్ళూ ఉండేవి, వాటితోపాటే ఇదీ. ఎండో జ్వరమో కదిలించినప్పుడు కొన్ని కణాల్లో మేల్కొని, అదే పోగు వెంట కిందికి దిగి, ఆ పోగు ముగిసే చోటికే వస్తుంది. నా విషయంలో ఆ చోటు పై పెదవి కుడి అంచు.

డాక్టరు గారు రాసిన మందు వాలాసైక్లోవిర్. లోపలికి వెళ్ళాక అది అసైక్లోవిర్‌గా మారుతుంది. అసైక్లోవిర్‌ని నేరుగా మింగితే పేగుల నుంచి కొద్ది భాగమే రక్తంలోకి వెళ్తుంది, ఈ రూపంలో ఎక్కువ వెళ్తుంది.

అసైక్లోవిర్ పనిచేసే తీరు నాకు చాలా నచ్చింది. డీఎన్ఏ అల్లడానికి వాడే ముక్కల్లో డీఆక్సీగ్వానోసిన్ ఒకటి, ఈ మందు దాన్ని పోలి ఉంటుంది. కానీ మామూలు కణంలో ఇది దాదాపు నిష్క్రియం. దీనికి మొదటి ఫాస్ఫేట్ తగిలించేది వైరస్ చేసుకునే థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైము. మిగతా రెండు ఫాస్ఫేట్లూ మన కణాలే తగిలిస్తాయి. అప్పుడు వైరస్ డీఎన్ఏని అల్లే పాలిమరేజ్ అనే ఎంజైము దీన్ని అసలు ముక్క అనుకుని గొలుసులో కలుపుతుంది. తర్వాతి ముక్క తగులుకోవడానికి కావలసిన కొక్కెం దీనికి లేదు, గొలుసు అక్కడితో ఆగిపోతుంది. వైరస్ ఉన్న కణంలోనే మందు పదునెక్కుతుంది కాబట్టి మిగతా శరీరానికి ఇబ్బంది తక్కువ.

నిద్రాణంగా ఉన్న వైరస్‌ని ఇది తాకలేకపోవడానికి కారణం కూడా అదే. అది ఆ ఎంజైము చేయడం లేదు, డీఎన్ఏ అల్లడం లేదు. మందుకు అక్కడ చేయడానికి పని లేదు.

అందుకే గంటలు లెక్కలోకి వస్తాయి. నాకు చెప్పిన మోతాదు: చిమచిమ తెలియగానే 2 గ్రాములు, 12 గంటల తర్వాత మరో 2 గ్రాములు, అంతే. మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్ళకి మోతాదు తగ్గించాలి. మందు వేసుకున్నప్పుడు నీళ్ళు బాగా తాగాలి.

ఒకసారి పగలంతా ఎండలో గడిపిన సాయంత్రం చిమచిమ మొదలైంది. వెంటనే మొదటి మోతాదు, మర్నాడు పొద్దున్న రెండోది వేసుకున్నాను. చిన్న ఎర్రటి ఉబ్బు వచ్చి, పొక్కులు లేవకుండానే తగ్గింది. ఇంకోసారి నిద్రలోనే మొదలై, లేచేసరికి పొక్కులు నిండి ఉన్నాయి. మందు వేసుకున్నా పెద్ద తేడా తెలియలేదు. అప్పటికే వైరస్ చర్మంలో చాలావరకు పెరిగిపోయింది, మిగిలింది పుండు మానడమే. సమయానికి వేసుకున్నా సగటున తగ్గేది ఒక రోజు లాంటిదేనని డాక్టరు గారు ముందే చెప్పారు. నాకు ఆ ఒక్క రోజూ ఎక్కువే.

పుండు ఉన్నన్నాళ్ళూ ముట్టుకున్న వేలితో కన్ను నలపను, పసిపిల్లల్ని ముద్దుపెట్టుకోను. నవజాత శిశువులకి ఇది ప్రాణాంతకం కావచ్చు, కంటి నల్లగుడ్డుకి సోకితే చూపు దెబ్బతినొచ్చు. కన్ను ఎర్రబడి వెలుగు చూడలేకపోతే వెంటనే కంటి డాక్టరుకి చూపించమన్నారు.

మరీ తరచుగా వస్తున్న రోజుల్లో కొన్ని నెలలు రోజూ 500 మిల్లీగ్రాములు వేసుకున్నాను. ఆ నెలల్లో దాదాపు రాలేదు. ఆపాక, ఒక జ్వరం తర్వాత, పై పెదవి కుడి అంచున మళ్ళీ వచ్చింది. ఇప్పుడు ఎండలోకి వెళ్ళేముందు పెదవులకి సన్‌స్క్రీన్ లిప్ బామ్ రాసుకుంటాను, మాత్రలు సంచిలో ఉంచుకుంటాను.