సప్లయర్ ఉన్నాడన్న మిల్లుకు రాసిన జవాబు

పొద్దున షాపు తీయగానే మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు మేనేజర్ మెసేజ్ కనిపించింది. వడ్ల పొట్టు తీసే షెల్లర్ యంత్రానికి జతగా వేసే రబ్బరు రోల్స్ గురించి నేను మొన్న రాసినదానికి జవాబు అది: "మాకు ఆల్రెడీ సప్లయర్ ఉన్నాడు." అంతే, ఇంకో మాట లేదు.

మా దగ్గర పనిచేసే పిల్లాడు అప్పటికే టైపు చేసి పెట్టాడు: "మా రేటు తక్కువ సార్, ఒక్కసారి చాన్స్ ఇవ్వండి." పంపొద్దన్నాను. రేటు తక్కువంటే ఎంతో చెప్పమంటారు. చెప్తే ఆ అంకె పాత సప్లయర్‌కు చూపించి అక్కడే తగ్గించుకుంటారు. వాళ్ల బేరం కుదురుతుంది, మనతో మాట ముగుస్తుంది.

సప్లయర్ ఉన్నాడంటే ఆ మిల్లు రోల్స్ క్రమంగా కొంటోందని కదా. మేనేజర్‌ని ఆ సప్లయర్ దగ్గర పట్టి ఉంచింది ఏమిటన్నదే మనకు తెలియాలి. సరుకు బాగుందా, ఉద్దెర ఖాతా నడుస్తోందా, లేక నన్ను వదిలించుకోవడానికి అన్నారా? అది తెలిసేదాకా మన సరుకు గొప్పలు ఎన్ని రాసినా ఆయనకు పట్టవు. చాలాసేపు ఆలోచించి ఇలా పంపాను:

"మంచిది సార్. సప్లయర్‌ని మార్చమని అడగను. ఒక్క సంగతి తెలుసుకుందామని: యాసంగి సీజన్‌కు రోల్స్ ముందే తెచ్చి స్టాక్ పెడతారా, అరిగినప్పుడల్లా తెప్పిస్తారా?"

ఈ ప్రశ్ననే ఎందుకు ఎంచుకున్నానో పిల్లాడికి వివరంగా చెప్పాను. లెక్కల పుస్తకం తెరవకుండా, ఎవరినీ అడగకుండా మేనేజర్ ఒక్క లైనులో జవాబివ్వగలరు. పాత సప్లయర్‌ను తప్పుపట్టే మాట ఇందులో లేదు. అలా తప్పుపడితే, అతన్ని పెట్టుకున్న మేనేజర్‌నే తప్పుపట్టినట్టవుతుంది. ఆయన ఏ జవాబు ఇచ్చినా మాట్లాడటానికి దారి ఉంటుంది. అరిగినప్పుడు తెప్పిస్తామంటే, ఏప్రిల్, మే నెలల్లో మిల్లులన్నీ ఒక్కసారి అడిగేటప్పుడు సరుకు ఎన్ని రోజులకు వస్తోందని అడగొచ్చు. ముందే స్టాక్ పెడతామంటే, ఎక్కడ పెడుతున్నారని అడగొచ్చు. రేకుల షెడ్డులో మా నల్లగొండ ఎండకు రబ్బరు గట్టిపడుతుంది. గట్టిపడిన రోల్‌కు పట్టు తగ్గుతుంది, పొట్టు సరిగా ఊడదు. ఆపరేటర్ ఒత్తిడి పెంచుతాడు, దాంతో నూకలు పెరుగుతాయి. మిల్లుకు అసలు దెబ్బ అక్కడే. రోల్ జత ఖరీదులో మిగిలే కొద్దిపాటి డబ్బు నూకల నష్టం ముందు లెక్కలోకే రాదు.

మధ్యాహ్నం దాటాక జవాబు వచ్చింది. "ముందే తెస్తాం. చివరి జతలు తొందరగా అరిగిపోతున్నాయి. కానీ వాళ్లతో పాత లెక్క ఉంది."

ఆ రెండు మాటలు చూసి నిజంగా సంతోషమేసింది. ఇబ్బంది ఆయనే చెప్పారు, తనను పట్టి ఉంచింది కూడా ఆయనే చెప్పారు. పాత లెక్క ఉన్న మనిషిని అటునుంచి తెంచుకొమ్మనడం తప్పు. సీజన్ మధ్యలో డబ్బు తిరగక ఆయనే ఇరుక్కుంటారు. అందుకే ఆర్డర్ అడగలేదు. "లెక్క అలాగే ఉండనివ్వండి సార్. మిగిలిన జతలు రేకుల షెడ్డులో ఉంటే తీసి నీడన, చల్లగా ఉండే గదిలో పెట్టించండి. ఒకే షెల్లర్ మీద మీ జత ఒకటి, మా జత ఒకటి వరుసగా నడిపించి, ఏది ఎన్ని టన్నులు ఆడిందో, నూకలు ఎంత వచ్చాయో రాసుకుంటారా?" అని పంపాను. రెండు జతలకూ ఒకే రకం వడ్లు, ఒకే తేమ ఉండాలని కూడా రాశాను. సన్నాలు ఒకదానికి, దొడ్డు వడ్లు ఇంకోదానికి పడితే ఆ లెక్క ఎవరికీ పనికిరాదు. జతలో వేగంగా తిరిగే రోల్ ముందుగా అరుగుతుంది కాబట్టి, మధ్యలో రెండు రోల్స్‌ను అటూ ఇటూ మార్చే పద్ధతి ఒక జతకు పాటిస్తే రెండోదానికీ పాటించాలి.

"ఆపరేటర్‌ని అడిగి చెప్తా" అన్నారు. ఇక మీదట ఆ మిల్లుకు ఆపరేటరే ముఖ్యం. రోల్ ఎప్పుడు మార్చాలో చేత్తో తడిమి చెప్పే మనిషి ఆయన. పరీక్షకు ఆయన ఒప్పుకోకపోతే మేనేజర్ ఎంత అనుకున్నా జత షెల్లర్ ఎక్కదు. రేపు ఫోన్ చేసి తొందరపెట్టను. కోతలు మొదలై వడ్లు మిల్లుకు రావడం మొదలయ్యేలోగా ఆపరేటర్‌ను కలవడానికి నేనే మిర్యాలగూడ వెళ్తాను. అప్పటికీ వద్దంటే వానకాలం వడ్ల సమయానికి మళ్లీ ఒక మెసేజ్ పెట్టాలని డైరీలో ఆ మిల్లు పేరు పక్కన రాసుకున్నాను.