న్యూస్‌లెటర్ ఏడో సంచిక: ఎట్టకేలకు ఒక గోదాము మేనేజర్ రాశారు

సలహాదారుగా పని దొరకాలని లింక్డ్‌ఇన్‌లో నేను నడిపే న్యూస్‌లెటర్ ఏడో సంచిక వెలువడిన మూడో రోజున ఒక గోదాము మేనేజర్ నుంచి సందేశం వచ్చింది: “మీరు రాసిన నిల్వ లెక్క తేడా మా దగ్గర ప్రతి నెలాఖరుకూ వస్తోంది. ఒకసారి మాట్లాడవచ్చా?” మూడు నెలలుగా ఈ ఒక్క ప్రశ్న కోసమే ఎదురుచూశాను!

అంతకు ముందు ఆరు సంచికలకు అభినందనలు తప్ప పని రాలేదు. చందాదారులు మాత్రం 410 మంది. మొదట నిడివిని అనుమానించాను. 1,900 పదాల నుంచి 900కు తగ్గించినా చదివినవారు 150 దగ్గరే ఆగారు. మంగళవారం ఉదయానికి బదులు గురువారం సాయంత్రం పంపితే మరో పది మంది పెరిగారు, అంతే. చివరికి చందాదారుల జాబితా తెరిచి, మొదటి వంద మందిని ఒక్కొక్కరిగా చూశాను. 61 మంది పాత సహోద్యోగులు, 22 మంది నాలాంటి సలహాదారులు. గోదాము నడిపేవారు 17 మందే.

కారణం నేను పెట్టిన పేరే అనుకుంటున్నాను. లింక్డ్‌ఇన్‌లో మొదటి సంచిక ప్రచురించగానే మన పరిచయస్తులకు చందా ఆహ్వానం వెళ్తుంది. “సప్లై చెయిన్ ఆలోచనలు” అన్న పేరు చూసి నన్ను ఎరిగినవారు చేరారు. సమస్య ఉన్నవారికి అందులో తమ సమస్య కనబడలేదు. అందుకే ఏడో సంచికతో పేరును “గోదాములో లెక్క తేడాలు” అని మార్చాను. విషయాన్నీ ఒకే ఉదంతానికి కుదించాను.

ఆ ఉదంతం ఇది. కంప్యూటర్‌లో 480 పెట్టెలు, అరలో 528. తేడా 48, సరిగ్గా ఒక ప్యాలెట్. సరుకు అరలోకి చేరింది కానీ దాని రాక ఇంకా నమోదు కాలేదు. లెక్కించినవారు నిల్వను 528కి సవరించారు. సాయంత్రం రాక నమోదైంది, నిల్వ 576 అయింది. తర్వాతి లెక్కలో 48 పెట్టెలు “మాయం”! లెక్క మొదలుపెట్టే ముందు చివరిగా నమోదైన రాక పత్రం సంఖ్యను రాసుకుని, ఆ తర్వాత వచ్చిన సరుకును విడిగా ఉంచితే ఈ తేడా రాదు. (ఖాతాదారు అనుమతితోనే రాశాను, అంకెలు మార్చాను.)

ఈ సంచికను చదివింది 118 మందే, అన్నిటికంటే తక్కువ. అయినా పని గురించి అడిగింది దీని తర్వాతే. ఇకపై వీక్షణల సంఖ్యను కొలమానంగా తీసుకోను. వారానికొకటి రాయమనే సలహాతోనూ నేను ఏకీభవించను. ఇలాంటి ఉదంతాన్ని సరిచూసుకుని రాయడానికి నాకు రెండు వారాలు పడుతోంది.

ఈ ఏడో సంచికను నా ప్రొఫైల్ పైభాగంలోని ‘ఫీచర్డ్’లో పెట్టాను. చందాదారుల ఈమెయిల్ చిరునామాలు మన చేతికి రావు కాబట్టి, ఎనిమిదో సంచిక చివర లెక్కింపు పత్రం నమూనా ఇచ్చి, కావలసినవారు నేరుగా రాయమని అడుగుతాను. విషయం కూడా సిద్ధంగా ఉంది: కొనుగోలు పెట్టెల్లో, అమ్మకం విడి ముక్కల్లో నమోదయ్యే చోట పుట్టే తేడా.