45 టిక్కీలు 4 అయిపోయిన రోజు: సగం ఫైలుతో నా అనుభవం

మాది బెంజ్ సర్కిల్ దగ్గర చిన్న ఆఫీసు, గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీల స్టాకు లెక్కలు, అంటే ఏ రైతు ఎన్ని టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, పెట్టాడో మేమే చూస్తాం. రోజూ సాయంత్రం వాళ్ల సిస్టమ్ నుంచి ఒక సీఎస్‌వీ ఫైలు ఎస్‌ఎఫ్‌టీపీలో మా సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లోకి వస్తుంది, పావుగంటకోసారి మా క్రాన్ జాబ్ లేచి ఆ ఫోల్డర్‌లో ఏముంటే అది డేటాబేస్‌లోకి ఎక్కిస్తుంది. ఏడాదిన్నర ఏ గొడవా లేకుండా నడిచింది.

మార్చిలో, సీజన్ మంచి ఊపు మీద ఉన్నప్పుడు, ఒక స్టోరేజీ గుమస్తా గారు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేశారు. "బాబూ, ఫలానా లాట్‌లో రైతు 45 టిక్కీలు పెట్టాడు, మీ దాంట్లో 4 అని చూపిస్తంది, ఆయన ఇక్కడే నా నెత్తిన కూర్చున్నాడు, ఏం చెప్పమంటావ్?" అన్నారు. నేను టైపింగ్ మిస్టేక్ అయి ఉంటుందండీ అన్నాను. లాగిన్ అయి చూస్తే ఆ ఒక్క లాటే కాదు, దాని తర్వాత ఉండాల్సిన లాట్లు అసలు లేనే లేవు. 11,840 లైన్లు రావాల్సిన ఫైల్లో 7 వేల చిల్లర ఉన్నాయి, ఆఖరి లైను ఇలా ఉంది:

```
LOT20731,TEJA,B2,11-03-2025,4
```

ఆ 4 పక్కన 5 రాకముందే ఫైలు తెగిపోయింది. మామూలుగా తెగిన లైనులో కాలమ్‌లు తక్కువై జాబ్ ఎర్రర్ ఇచ్చేది, ఇక్కడ ఖర్మ కొద్దీ ఆఖరి కాలమ్ మధ్యలో తెగింది, కాలమ్‌లు ఐదూ ఉన్నాయి, 4 కూడా అంకే, ఇంక జాబ్‌కి అభ్యంతరం ఏముంటుంది, శుభ్రంగా ఎక్కించేసింది.

ఫైలు సైజు చూశాను, 229376 బైట్లు. కాలిక్యులేటర్ తీసి 32768తో భాగిస్తే సరిగ్గా 7 వచ్చింది. వాళ్లు వాడేది విండోస్‌తో వచ్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ sftp, పాత వెర్షన్, అది మామూలుగా 32768 బైట్ల ముక్కలుగా పంపిస్తుంది. అంటే ఏడు ముక్కలు వచ్చాక కనెక్షన్ పోయిందన్నమాట. అప్పటినుంచి అనుమానం వచ్చిన ఏ ఫైలునైనా ముందు 32768తో భాగించి చూడటం నాకు అలవాటైపోయింది, శేషం సున్నా వస్తే దారిలో తెగిందని దాదాపు ఖాయం.

మొదట నేను చేసిన రిపేరు అందరూ చేసేదే. సైజు చూడు, ముప్పై సెకన్లు ఆగు, మళ్లీ చూడు, మారకపోతే తీసుకో. నాలుగు రోజులు బానే ఉంది. ఐదో రోజు అక్కడ కరెంట్ పోయి, వాళ్లు ఫోన్ హాట్‌స్పాట్ మీద పంపుతుంటే సిగ్నల్ రెండు నిమిషాలు ఆగింది, ఆ రెండు నిమిషాలూ సైజు మారలేదు, మన జాబ్ అయిపోయిందనుకుని మళ్లీ సగం ఫైలే మింగింది. ముప్పైని మూడొందలు చేయొచ్చు, కానీ అప్పుడు సిగ్నల్ పది నిమిషాలు ఆగుతుంది, దానికి అంతెక్కడ?

తర్వాత lsof పెట్టాను, ఎవరైనా ఆ ఫైలుని తెరిచి ఉంచారా అని అడగటానికి. నేను చేత్తో రన్ చేస్తే చక్కగా పట్టుకుంది, క్రాన్‌లో మాత్రం ఎప్పుడూ ఖాళీ. సగం రోజు పోయాక వెలిగింది: నేను రూట్‌గా రన్ చేస్తున్నా, క్రాన్ జాబ్ మామూలు యూజర్ కింద నడుస్తోంది, ఆ యూజర్‌కి వేరే యూజర్ ప్రాసెస్ ఏ ఫైలు తెరిచిందో కనపడదు. అది ఎర్రర్ అనైనా చెప్పదు, ఎవరూ లేనట్టే ఊరుకుంటుంది. సరే రూట్ కింద పెట్టాను. అప్పుడు అసలు సంగతి బయటపడింది, కనెక్షన్ తెగిపోయినా సర్వర్ ఫైలుని మూసేస్తుంది. మూసిన సగం ఫైలూ మూసిన పూర్తి ఫైలూ lsofకి ఒకటే. ఇన్నాళ్లూ నేను "ఎవరైనా రాస్తున్నారా" అని అడుగుతున్నా, అడగాల్సింది "మొత్తం వచ్చిందా" అని, ఆ జవాబు పంపినవాడి దగ్గర తప్ప నా సర్వర్‌లో లేదు.

అందుకని గుంటూరు వెళ్లి కూర్చున్నా. వాళ్ల అప్‌లోడ్ స్క్రిప్ట్‌లో ఒక్క లైనే ఉంది, put. ఆ put ఫైలుని అసలు పేరుతోనే మొదటి ముక్క నుంచీ రాస్తుంది, అదే మన కొంప ముంచింది. దాన్ని రెండు లైన్లు చేశాం:

```
put stock.csv stock.csv.part
rename stock.csv.part stock.csv
```

దీన్ని sftp -b తో నడపాలి. ఆ -b ముఖ్యం, ఎందుకంటే అలా నడిపితే put ఫెయిలైన చోటే మొత్తం ఆగిపోతుంది, rename దాకా రాదు. పాస్‌వర్డ్ కొట్టేవాళ్లు ఉండరు కాబట్టి కీ పెట్టుకోవాలి. మా జాబ్ .csv తో ముగిసేవి మాత్రమే చూస్తుంది. ఒకే ఫోల్డర్‌లో పేరు మార్చడం ఒక్క దెబ్బలో అయిపోయే పని, సగం మార్చడం అంటూ ఉండదు. వేరే డిస్కులోకి mv చేస్తే మాత్రం లోపల జరిగేది కాపీ, అక్కడ మళ్లీ సగం ఫైలు కథ మొదలు.

హమ్మయ్య అనుకుని శంకర్ విలాస్ సెంటర్‌లో టీ తాగి బస్సెక్కాను. వారం తిరక్కుండానే ఇంకో ఫైలు తక్కువొచ్చింది, 9 వేల లైన్లు. ఈసారి 32768తో భాగిస్తే పోలేదు, పేరు కూడా పద్ధతిగా మారింది. ఏంటంటే వాళ్ల సాఫ్ట్‌వేర్ సీఎస్‌వీ తయారుచేయడానికే సీజన్‌లో మూడు నిమిషాలు పడుతోంది, అప్‌లోడ్ మాత్రం గడియారం చూసుకుని ఏడున్నరకి మొదలవుతోంది, ఆ సాఫ్ట్‌వేర్ రాస్తున్న ఫైలుని వేరేవాళ్లు చదవకుండా తాళం వేసుకోదు. అక్కడ పుట్టిన సగం ఫైలుని మేం అత్యంత భద్రంగా పూర్తిగా ఇక్కడికి మోసుకొచ్చాం!

దానికి మందు ఫైలు లోపలే ఉండాలి. ఆ సాఫ్ట్‌వేర్ రాసిన అబ్బాయిని బతిమాలి, అన్నీ రాశాక ఆఖర్న #END,11840 లాంటి లైను ఒకటి పెట్టించాను, అంటే పైన ఎన్ని లైన్లున్నాయో ఆ లెక్క. మా వైపు:

```
want=$(tail -n 1 "$f" | tr -d '\r' | sed -n 's/^#END,//p')
got=$(grep -vc '^#END,' "$f")
[ -n "$want" ] && [ "$want" = "$got" ] || continue
```

మొదట లెక్క wc -l తో పెట్టి, అందులోంచి #END లైనుకి ఒకటి తీసేసి దెబ్బతిన్నా. అది లైన్లని కాదు, లైను చివరుండే గుర్తుల్ని లెక్కపెడుతుంది, వాళ్ల ఆఖరి లైను చివర ఆ గుర్తు లేదు, రోజంతా మంచి ఫైళ్లన్నీ ఒకటి తక్కువని తిప్పికొట్టింది. grep -c కి ఆ పేచీ లేదు. ఆ tr ఎందుకంటే ఇది విండోస్ ఫైలు, రేపెప్పుడైనా వాళ్లు ఆఖరి లైను చివర కూడా ఆ గుర్తు పెడితే దాంతోపాటు కంటికి కనపడని \r వస్తుంది, అది తీయకపోతే 11840, 11840 రెండూ ఒకటే కాదంటుంది, చూసేవాడికి పిచ్చెక్కుద్ది.

ఈ చెక్కు మధ్యలో ఒక లైను పాడైతే పట్టుకోదు, దానికి చెక్‌సమ్ కావాలి, మాకు అంత అవసరం పడలేదు. లెక్క కుదరని ఫైలుని డిలీట్ చేయం, అక్కడే వదిలేస్తాం, ఎనిమిదిన్నర దాటినా సరైన ఫైలు ఎక్కకపోతే నాకు మెయిల్ వస్తుంది.

మొన్న మంగళవారం ఆ మెయిల్ వచ్చింది. ఫోల్డర్‌లో stock.csv.part ఒకటి పడుంది, 98304 బైట్లు, 32768తో భాగిస్తే 3. గుమస్తా గారికి ఫోన్ చేసి "కరెంట్ పోయిందా అండీ?" అంటే "నీకెలా తెలిసింది?" అన్నారు. కరెంట్ వచ్చాక మళ్లీ పంపారు, పాత .part మీదే రాసుకుని పేరు మార్చుకుంది, 8:45 రన్‌లో ఎక్కేసింది.